ఫొటో ఎవరిది? లైసెన్సు పత్రం నడిచిన దారి

ఫొటోగ్రాఫర్ల హక్కుల చరిత్ర రాసేవారు 2012 సవరణ దగ్గర ఆగి, ఇక కథ సుఖాంతం అన్నట్టు ముగిస్తారు. అంతకుముందు ఫొటోకు ప్రచురణ నుంచి 60 ఏళ్ల కాపీరైట్ ఉండేది. ఆ సవరణతో అది తీసినవారి జీవితకాలానికీ, ఆపైన 60 ఏళ్లకూ పెరిగింది. నిజమే. కానీ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాలపట్నంలో కెమెరా పట్టుకుని కంపెనీలకు పనిచేసే తెలుగువాడికి అసలు చిక్కు అక్కడ లేదు.

బ్రిటిష్ 1911 చట్టం, దాన్ని అనుసరించిన మన 1914 చట్టం నెగటివ్ ఎవరిదైతే వారినే కర్తగా చూశాయి. 1957 చట్టం ఆ మాట తీసేసి, ఫొటో తీసినవారే కర్త అంది. అందరూ మెచ్చుకునేది ఇక్కడే. అయితే అదే చట్టం 17(బి)లో ఇంకో మాట ఉంది: డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారే తొలి యజమాని. బ్రిటన్ ఈ నియమాన్ని 1988లో వదిలేసింది. మనం ఇప్పటికీ వదల్లేదు. ఫొటోగ్రాఫర్ ముందే తీసి దాచుకున్న ఫొటోలకు ఇది వర్తించదు. పిలిపించి తీయించినవాటికే వర్తిస్తుంది. మన ఫొటోగ్రాఫర్ల బతుకుతెరువు మాత్రం ఎక్కువగా అలాంటి పనే.

ఒక అటవీ ఉత్పత్తుల కంపెనీ సంత ఫొటోలు 12 తీయించుకుని, పత్రంలో 'కంపెనీ వాడుకోవచ్చు' అని మాత్రమే రాసిందనుకుందాం. ఫొటోగ్రాఫర్ లైసెన్సు ఇచ్చాననుకుంటాడు, కానీ ఇవ్వడానికి అతని చేతిలో హక్కే లేదు. ముందే తీసి దాచుకున్న ఫొటోలే అయినా పత్రంలో గడువు రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే దేశమంతా. ఈ నియమాలు 30ఎ ద్వారా లైసెన్సుకూ వర్తిస్తాయి.

అందుకే పత్రంలో మొదటి వాక్యమే 'కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే, 17(బి) వర్తించదు' అని ఉండాలి, సంతకాలు పని మొదలవక ముందే కావాలి. తర్వాత ఫైల్ పేర్లతో 12 ఫొటోల జాబితా. వాడుక: ముద్రిత క్యాలెండర్ 2,000 ప్రతులు, కంపెనీ సొంత వెబ్‌సైట్. కాలం: జనవరి 1 నుంచి డిసెంబర్ 31. ప్రాంతం: ముద్రణకు ఛత్తీస్‌గఢ్, తెలంగాణ. హోర్డింగులు, టీవీ, ఇతరులకు బదిలీ లేవని విడిగా రాయాలి. గొడవ ఎక్కువగా గడువు ముగిశాకే వస్తుంది. అమ్మేసిన క్యాలెండర్లను వెనక్కి తేలేం, కాబట్టి కొత్త ప్రతులు ముద్రించకూడదని రాయాలి. వెబ్‌సైట్ ఫొటో 15 రోజుల్లో తీయాలనీ రాయాలి. లేదంటే 'కొత్తగా పెట్టలేదు కదా' అని పాత పేజీని అలాగే ఉంచుతారు.

నేటి కంపెనీ నమూనాలు 'శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో' అంటూ వస్తున్నాయి. 2012 సవరణ, ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని స్పష్టంగా పేర్కొనకపోతే హక్కు బదిలీ కాదంది. ఉన్న మాధ్యమాలన్నీ అడిగే కంపెనీకి ఇది అడ్డం కాదు. ఇంత చేసినా ఫొటోలోని మనిషి అనుమతి వేరే పత్రం. స్వీడన్ దర్శకుడు ఆర్నె సక్స్‌డార్ఫ్ 1957 సినిమాతో బస్తర్ బాలుడు చేందరూ ముఖం ప్రపంచమంతా తిరిగింది, అతని జీవితం మాత్రం పేదరికంలోనే గడిచింది. సంతలో ఇప్పపువ్వు అమ్మే ఆమె ముఖం క్యాలెండర్‌కెక్కాలంటే, ఎంతకాలం, దేనికో ఆమెకు ఆమె భాషలో చెప్పి, ఆమెకూ రుసుము ఇచ్చే క్లాజు కంపెనీల పత్రాల్లో నాకు కనిపించడం లేదు.