వాయు మోలార్ ఘనపరిమాణం: లోహ-ఆమ్ల చర్యల లెక్క

లోహం ఆమ్లంతో చర్య జరిపితే హైడ్రోజన్ వెలువడుతుంది. ఆ వాయువును తూచడం కష్టం, కొలవడం తేలిక. ఒక మోల్ వాయువు ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలిస్తే, కొలిచిన ఘనపరిమాణం నుంచి మోల్‌ల సంఖ్య, దాన్నుంచి కరిగిన లోహం బరువు తెలుస్తాయి. ఆ చోటునే మోలార్ ఘనపరిమాణం అంటారు.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే 22.4 లీటర్లు 0 డిగ్రీల సెల్సియస్, 760 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గరి విలువ. తిరుచానూరులో ఆ చలి ఎన్నడూ ఉండదు. సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో గాలి పీడనాన్ని 746 మి.మీ.గా, గది ఉష్ణోగ్రతను 30 డిగ్రీలుగా తీసుకుందాం. వాయువును నీటి మీద సేకరిస్తే అందులో నీటి ఆవిరి కూడా చేరుతుంది. 30 డిగ్రీల వద్ద దాని పీడనం 32 మి.మీ. అది తీసేస్తే హైడ్రోజన్ వంతు 714 మి.మీ. అప్పుడు మోలార్ ఘనపరిమాణం:

22.4 × (303/273) × (760/714) = సుమారు 26.5 లీటర్లు

ఇప్పుడు 0.036 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్ తీసుకుందాం.

Mg + 2HCl → MgCl₂ + H₂

ఒక మోల్ లోహానికి ఒక మోల్ వాయువు వస్తుంది. 0.036ను 24.3తో భాగిస్తే 0.00148 మోల్. దీనికి కావలసిన ఆమ్లం 0.00296 మోల్, ఒక మోలార్ ఆమ్లం 10 మి.లీ. పోస్తే అంతకు మూడింతలకు పైగా ఉంటుంది కాబట్టి లోహమంతా కరిగిపోతుంది. రావలసిన వాయువు సుమారు 39 మి.లీ. అదే 22.4తో లెక్కిస్తే 33 మి.లీ. మాత్రమే. కొలగొట్టంలో 39 చూసి, దాన్ని 22.4తో భాగించిన విద్యార్థికి 0.042 గ్రాముల లోహం కరిగినట్టు వస్తుంది. వేసిందే 0.036! వేసినదానికన్నా ఎక్కువ కరిగిందంటే తప్పు లెక్కలోనే ఉందన్నమాట. ఆవిరిని మాత్రమే మరిచిపోతే పొరపాటు నాలుగైదు శాతం; అది కంటికి ఆనదు, అందుకే అదే ఎక్కువ ప్రమాదకరం.

వాయువు తక్కువ వస్తే రిబ్బన్‌ను అనుమానించాలి. పైన బూడిదరంగు ఆక్సైడ్ పొర ఉంటే బరువు పెరుగుతుంది గాని, ఆ పొర నుంచి హైడ్రోజన్ రాదు. తూచే ముందే గరుకు కాగితంతో రుద్దాలి. చర్య వేడి పుట్టిస్తుంది కనుక గొట్టం చల్లారాకే, లోపలి, బయటి నీటిమట్టాలు సమానం చేసి కొలత చూడాలి. లోపలి నీరు బయటి మట్టం కన్నా 13.6 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే లోపలి పీడనం 10 మి.మీ. తగ్గినట్టే.

అల్యూమినియంతో రెండు మోల్‌ల లోహానికి మూడు మోల్‌ల హైడ్రోజన్ వస్తుంది. తక్కిన లెక్కంతా ఇదే. సున్నపురాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం ఈ అమరిక పనికిరాదు. అది నీటిలో కొంత కరిగిపోతుంది, కాబట్టి దాన్ని గ్యాస్ సిరంజిలోకి పట్టాలి.