తేనెటీగల పెంపకం: గల్ఫ్ పైసలు పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

గల్ఫ్‌లో ఉన్న కార్మికుల ఇళ్ల నుంచి ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది: "తేనెటీగల డబ్బాలు పెడితే ఇంటి దగ్గర ఆదాయం వస్తదా?" వస్తుంది. కానీ ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఎక్కడ మునుగుతాం అన్నది తెలుసుకోకుండా పంపిన పైసలు డబ్బాల్లో పోయకండి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఊళ్లో ఉన్న కుటుంబం ఐదు డబ్బాలతో మొదలుపెడితే ఎలా ఉంటుందో ఇక్కడ రాస్తున్నాం.

ముందు పూలు లెక్కపెట్టండి

తేనెటీగకు మనం మేత వేయం. అదే తిరిగి తెచ్చుకుంటుంది. మన పుట్టతేనె ఈగ, అంటే పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే నాటు ఈగ, ఎక్కువగా ఒక కిలోమీటరు లోపలే తిరుగుతుంది. కాబట్టి డబ్బా పెట్టే చోటు నుంచి చుట్టూ కిలోమీటరులో ఏ నెలలో ఏం పూస్తుందో చూడాలి.

మన వైపు చిక్కు ఇక్కడే ఉంది. కనుచూపు మేర వరి కనిపిస్తే పచ్చగా ఉందని మురిసిపోతాం. వరి పూతలో తేనె ఉండదు. మక్కజొన్నలో పుప్పొడి దొరుకుతుంది, తేనె దొరకదు. మామిడి పూతకు ఈగలు వస్తాయి గానీ దాని మీద ఆధారపడి తేనె తీయలేం. తేనె ఇచ్చేవి యాసంగి నువ్వులు, పొద్దుతిరుగుడు, కానుగ, వేప, నేరేడు, చింత, కుంకుడు, నీలగిరి, మునగ. వీటిలో ఎక్కువ భాగం ఎండాకాలం చుట్టుపక్కల నెలల్లోనే పూస్తాయి. వానలు పడ్డాక, ముఖ్యంగా జులై నుంచి సెప్టెంబర్ దాకా, ఈగలకు కరువు.

అందుకే ఇంట్లో వాళ్లను ఒక పని చేయమనండి. ఊరి చుట్టూ నడిచి కానుగ, వేప, చింత, నేరేడు చెట్లు ఎన్ని ఉన్నాయో, నువ్వులు ఎవరు వేస్తారో కాగితం మీద రాయమనండి. చెరువు కట్ట మీద, రోడ్డు పక్కన కానుగ చెట్లు వరుసగా ఉంటే మంచిది. చుట్టూ వరి, మక్క తప్ప ఏమీ లేకపోతే ఆ ఊళ్లో ఈ పని వద్దు.

నాటు ఈగా, ఇటాలియన్ ఈగా?

డబ్బాల్లో ఎక్కువగా పెంచేవి ఈ రెండే. కొండ తేనెటీగను, జుంటి ఈగను డబ్బాలో పెంచలేం. ఇటాలియన్ ఈగ తేనె చాలా ఎక్కువ ఇస్తుంది, కానీ పూత ఎక్కడుంటే అక్కడికి లారీలో డబ్బాలు తిప్పాలి. ఒక ఊళ్లో ఆవాలు, ఇంకో ఊళ్లో పొద్దుతిరుగుడు అంటూ మనుషులు రాత్రిళ్లు డబ్బాల వెంట తిరగాలి. అది పూర్తికాలం పని. మగమనిషి దుబాయిలో ఉండి, ఇంటి దగ్గర ఇల్లాలు, అత్తమామలు చూసుకునే ఇంటికి కుదరదు. నాటు ఈగ ఒక్కచోటే ఉంటుంది, తేనె తక్కువ ఇస్తుంది, వారానికి ఒకపూట చూసుకుంటే చాలు.

ఒక ఇంటి లెక్క

కింద వేసినవి లెక్క కోసం తీసుకున్న ధరలు. మీ దగ్గర ఎంత ఉందో అడిగి ఆ అంకెలు పెట్టుకోండి, లెక్క తీరు మాత్రం ఇదే.

స్టాండుతో డబ్బా 2,000, అందులో ఈగల జట్టు 2,000 అనుకుందాం. ఐదింటికి 20,000. పొగ డబ్బా, ముఖానికి వల, చేతి తొడుగులు, కత్తి, చిన్న తేనె తీసే యంత్రం కలిపి 6,000. మొదటి ఏడాది చక్కెర, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద పెట్టే నీళ్ల గిన్నెలు, నీడకు పందిరి కలిపి 1,000. సీసాలు, లేబుళ్లు, రిజిస్ట్రేషన్‌కు 1,000. మొత్తం 28,000 రూపాయలు.

మొదటి ఏడాది ఐదులో రెండు జట్లు లేచిపోయాయనుకోండి. కొత్తవాళ్లకు ఇది మామూలే. మిగిలిన మూడింటికి మూడేసి కిలోలు వస్తే 9 కిలోలు. కిలో 500 చొప్పున 4,500. రెండో ఏడాది పూతకు ముందు బలమైన జట్లను విడదీసి మళ్లీ ఐదు చేసుకుని, డబ్బాకు 5 కిలోలు తీస్తే 25 కిలోలు, 12,500. చక్కెర, సీసాల ఖర్చు 2,000 పోతే 10,500 మిగులుతుంది. మూడో ఏడాదీ అంతే. మూడేళ్లకు మొత్తం 25,500. అంటే పెట్టిన 28,000 ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అసలు లాభం నాలుగో ఏడాది నుంచి.

ఇదే 28,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 560, ఏడాదికి 6,720 వడ్డీకే పోతుంది. మంచి ఏడాది మిగులులో సగానికి పైగా అన్నమాట. అప్పు చేసి ఈ పని మొదలుపెట్టొద్దు అనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. వీసా అప్పు ఇంకా తీరని ఇల్లయితే ముందు అది తీర్చండి.

డబ్బాలకు సబ్సిడీ దొరికితే లెక్క మారుతుంది. ఖాదీ కమిషన్ వాళ్ల హనీ మిషన్ కింద శిక్షణతో పాటు డబ్బాలు ఇస్తారు. జిల్లా ఉద్యాన శాఖ ఆఫీసులో, కృషి విజ్ఞాన కేంద్రంలో ఈ ఏడాది ఏముందో ఇంట్లో వాళ్లు స్వయంగా వెళ్లి అడగాలి. సబ్సిడీ ఇప్పిస్తానని మధ్యలో కమిషన్ అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

కొనేటప్పుడు, కొన్నాక

మొదలుపెట్టడానికి అక్టోబర్, నవంబర్ మంచివి. వానలు తగ్గి ఉంటాయి, ఫిబ్రవరి తర్వాత వచ్చే పూతకు జట్టు బలపడుతుంది. డబ్బా కొనేటప్పుడు మూత తీయించి చూడాలి. కనీసం నాలుగు చట్రాల మీద ఈగలు నిండుగా కప్పి ఉండాలి. గదుల అడుగున బియ్యపు గింజకన్నా చిన్నగా తెల్లటి గుడ్లు కనిపించాలి. గుడ్లు ఉన్నాయంటే రాణి ఈగ ఉన్నట్టే. గుడ్లు లేని డబ్బాకు పైసలు ఇవ్వకండి. జట్టును రాత్రి వేళ, ఈగలన్నీ లోపలికి వచ్చాక తరలించాలి.

డబ్బాను చెట్టు నీడలో, దగ్గర్లో నీళ్లు ఉండేలా పెట్టాలి. ద్వారం మనుషులు నడిచే దారివైపు, పశువుల కొట్టంవైపు ఉండొద్దు. కరువు నెలల్లో చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట డబ్బా లోపలే పెట్టాలి. జట్టుకు వారానికి 200 గ్రాముల చక్కెర చాలు. పగలు బయట పెడితే పక్క జట్ల ఈగలు వచ్చి దోచుకుంటాయి. పాకం పోసే రోజుల్లో తేనె తీయకూడదు, అది తేనె కాదు, చక్కెరే.

మీరు అక్కడినుంచి వీడియో కాల్‌లో మూడు సంగతులు అడిగితే డబ్బా స్థితి తెలిసిపోతుంది. ఈగలు కాళ్లకు పుప్పొడి ముద్దలు తెస్తున్నాయా? ఎన్ని చట్రాల మీద ఈగలు కప్పి ఉన్నాయి? గుడ్లు కనిపిస్తున్నాయా? పుప్పొడి రావడం ఆగి, గుడ్లు కనబడకపోతే ఆ జట్టు లేచిపోయే ఆలోచనలో ఉందని అర్థం. ఆకలా, చీమలా, పురుగా అన్నది వెంటనే చూడమనండి.

ఎక్కడ నష్టం వస్తుంది

అన్నిటికన్నా పెద్ద దెబ్బ పురుగుమందు. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టినప్పుడు, పత్తి మీద కొట్టినప్పుడు మేతకు పోయిన ఈగలు చస్తాయి. ఒక్కరోజులో డబ్బా ముందు చచ్చిన ఈగలు కుప్పగా పడి, కొన్ని వణుకుతూ కనిపిస్తే మందు దెబ్బే. చుట్టుపక్కల రైతులతో ముందే మాట్లాడుకోవాలి. ఒకరోజు ముందు చెప్పమని, ఈగలు ఇల్లు చేరాక సాయంత్రం కొట్టమని అడగాలి. ఒక సీసా తేనె వాళ్ల ఇంటికి పంపితే ఈ మాట బాగా గుర్తుంటుంది.

రెండోది మైనపు పురుగు. ఈగలు తగ్గిన డబ్బాలో పట్టు మీద బూజులా తెల్లటి గూళ్లు కనిపిస్తాయి. ఈగలు కప్పని పట్లను తీసేసి జట్టును దగ్గరగా ఉంచితే ఇది రాదు. మూడోది పిల్లల జబ్బు. 1990ల మొదట్లో దక్షిణ భారతంలో నాటు ఈగలను తుడిచిపెట్టిన థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ ఇదే. లార్వా నీళ్ల సంచిలా ఉబ్బి, తల పైకెత్తి గదిలోనే చచ్చి ఉంటుంది. దీనికి మందు లేదు. ఆ డబ్బా చట్రాన్ని, కత్తిని ఇంకో డబ్బాకు వాడకూడదు.

మనుషుల సంగతి. ఈగ కుడితే ముల్లును గోటితో గీకి తీసేయాలి, వాపు తగ్గుతుంది. కానీ ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు అలా జరిగి ఉంటే ఆ ఇంట్లో డబ్బాలు వద్దు.

ఇక మోసం. "యాభై డబ్బాలు మా దగ్గర కొనండి, తేనె మేమే కొంటాం" అని ఒప్పందం చూపించేవాళ్లు గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్లనే వెతుక్కుంటూ వస్తారు. వాళ్ల లాభం డబ్బాలు అమ్మడంలోనే అయిపోతుంది, మీ తేనెతో వాళ్లకు పనిలేదు. తిరిగి కొంటామన్న మాటకు విలువ కట్టకండి. మొత్తం పైకం ముందే అడిగితే వదిలేయండి.

అమ్మకం

చట్రంలోని గదుల్లో ముప్పావు వంతు మైనంతో మూసుకున్నాకే తేనె తీయాలి. తొందరపడితే నీటి శాతం ఎక్కువై పులుస్తుంది. నురుగు, పుల్లటి వాసన, ఉబ్బిన మూత దాని గుర్తులు. ఆహార భద్రతా నిబంధన ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. పై గదిలోని తేనెనే తీసి, పిల్లలున్న కింది గదిని ముట్టుకోకూడదు.

25 కిలోల తేనెకు పెద్ద వ్యాపారి అక్కర్లేదు. టోకు వ్యాపారులు డ్రమ్ముల లెక్కన, తక్కువ ధరకు కొంటారు. మీకు సరిపోయేది ఊరు, బంధువులు, పిల్లల బడి టీచర్లు, ఆయుర్వేద దుకాణం. అర కిలో గాజు సీసాలు మేలు. బయట అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఆ నంబర్ లేబుల్ మీద వేయాలి. చలికాలంలో తేనె గడ్డకడితే చక్కెర కలిపారని కొందరు గొడవపడతారు. గడ్డకట్టడం తేనె గుణమని, సీసాను గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుందని అమ్మేటప్పుడే చెప్పాలి. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె పెట్టొద్దని కూడా చెప్పాలి.

సెలవు మీద వచ్చి వెళ్లేటప్పుడు రూంలో వాళ్లకు రెండు సీసాలు తీసుకెళ్లాలనిపిస్తుంది. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయంలో తీసేస్తారు, లగేజీలో పెట్టాలి. మీరు దిగే దేశం రూలు ముందే అడగండి. అక్కడ క్యాంపులో అమ్మకానికి మాత్రం పెట్టొద్దు. వర్క్ వీసా మీద అనుమతి లేకుండా వ్యాపారం చేస్తే కేసు, జరిమానా, ఇంటికి పంపేయడం దాకా పోతుంది. ఐదు డబ్బాల తేనె కోసం ఉన్న ఉద్యోగం పోగొట్టుకోకండి.