స్పోర్ట్స్, నేకెడ్, క్రూయిజర్, అడ్వెంచర్: బండ్ల మధ్య తేడా ఎక్కడుంది?

నల్లపాడు నుంచి గుంటూరు కాలేజీకి వెళ్లే కుర్రాడు "స్పోర్ట్స్ బైక్ కావాలి అబ్బా" అంటాడు. ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని సీసీ?" అనే. సీసీ చెప్పినంత మాత్రాన బండి ఏ రకమో తెలియదు. యమహా ఆర్15, ఎంటీ-15 రెండిట్లోనూ ఉన్నది ఒకే 155 సీసీ ఇంజిన్. మొదటిది స్పోర్ట్స్, రెండోది నేకెడ్. ముందు చూడాల్సినవి మూడు: హ్యాండిల్, సీటు, కాళ్లు పెట్టే ఫుట్‌రెస్ట్.

స్పోర్ట్స్ బండికి హ్యాండిల్ కిందకి, ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి ఉంటాయి. మనిషి ట్యాంకు మీదకి వంగాలి, బరువు మణికట్ల మీద పడుతుంది. హైవే మీద వేగంగా పోతుంటే ఎదురుగాలి ఛాతీని కొంత ఎత్తి పడుతుంది. గుంటూరు ట్రాఫిక్‌లో ఆ గాలి ఉండదు, అందుకే చేతులు లాగేస్తాయి. నేకెడ్ బండికి ముందు ఆ ప్లాస్టిక్ తొడుగు ఉండదు, హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. నడుము దాదాపు నిటారు. రోజూ టౌన్‌కి తిరిగేవాళ్లకి ఇదే నయం.

క్రూయిజర్ సీటు బాగా కిందకి ఉంటుంది. బజాజ్ అవెంజర్ 220 సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే, పొట్టివాళ్లకీ కాళ్లు నేలకి ఆనతాయి. కానీ కాళ్లు ముందుకి చాపి కూర్చుంటాం కదా, గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్ మీద లేచి నిలబడడం కుదరదు. దెబ్బ సూటిగా వెన్నుకి తగులుతుంది. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లు "హాయిగా ఉంది" అని షోరూంలోనే తేల్చేసుకోవద్దు.

అడ్వెంచర్ బండికి ముందు చక్రం పెద్దది. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కి అది 21 అంగుళాలు, నేల నుంచి బండి అడుగుకి 220 మిల్లీమీటర్లు. పెద్ద చక్రం గుంతలో దిగబడకుండా దాటేస్తుంది. అయినా వానకి తడిసిన నల్లరేగడిలో ఏ టైరైనా మట్టి పట్టేసి జారుతుంది. 180 కిలోలు దాటిన బండి మిరప చేను గట్టు మీద పడితే ఒక్కడు లేపడం కష్టం. టూరింగ్ అంటే దూరప్రయాణం బండి: గాలి ఆపే అద్దం, పెద్ద ట్యాంకు, సామాను పెట్టెలు, వెనక మెత్తటి సీటు. హోండా గోల్డ్‌వింగ్ లాంటివి. మన దగ్గర ఆ పని ఎక్కువగా అడ్వెంచర్ బండ్లే చేస్తున్నాయి.

వెనక అమ్మీయో, చెల్లెలో కూర్చునేదుంటే ఇంకోటి చూడాలి. కేంద్ర మోటారు వాహనాల రూల్ 123 ప్రకారం వెనకవాళ్లకి పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే గార్డు ఉండాలి. అందం కోసం కుర్రాళ్లు ఆ గార్డు పీకేస్తారు. బురఖా అంచో, చున్నీయో చక్రంలో చుట్టుకునేది అక్కడే. స్పోర్ట్స్ బండికి వెనక సీటు చిన్నది, ఎత్తుది. కాబట్టి కొనేముందు వెనక కూర్చునే మనిషిని కూడా షోరూంకి తీసుకెళ్లి, ఇద్దరూ ఎక్కి పది నిమిషాలు కూర్చుని చూడండి.