రెండో బోరులో నీళ్లు పడతాయా?

2026 మార్చి 15కి ‘పాతాళభైరవి’ విడుదలై 75 ఏళ్లు. దర్శకుడు కె.వి.రెడ్డి మా అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంవాడు. ఆదివారానికి ఏదో ఒకటి రాసివ్వాలని కూర్చుంటే, ఆయన తీసిన సినిమా కన్నా తీయని సినిమా మీదికే మనసు పోతోంది. అదే ‘పాతాళభైరవి-2’.

తరువాయి కథలు మనకు కొత్త కాదు. నన్నయ ఆపిన భారతాన్ని దాదాపు రెండు వందల ఏళ్లకు తిక్కన ఎత్తుకున్నాడు. రాముడి పట్టాభిషేకంతో తృప్తిపడని వాళ్లకు ఉత్తర రామాయణం ఉండనే ఉంది. శతాబ్దాలు దాటి వస్తే మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’. కాశీకి నడిచే దారిలో మజిలీకో కథ. చెప్పే యతి ఒక్కడే, వినే కుర్రాడూ ఒక్కడే, కథ మాత్రం కొత్తది. ‘పాతాళభైరవి’కి మూలం అక్కడే ఉంది.

ఆ సినిమా అంత ఆడాక నేపాళ మాంత్రికుణ్ణి మళ్లీ బతికించడం ఎంతసేపు? ఆ సినిమాలోనే సదాజపుడు ఒకసారి బతికించాడు కూడా. ఎస్వీ రంగారావు ఉన్నాడు, తోటరాముడిగా ఎన్టీఆర్ ఉన్నాడు, విజయా వారి డబ్బూ ఉంది. కానీ కథలో బాకీ లేదు. తోటమాలి కొడుకు రాకుమారిని దక్కించుకున్నాడు, మాంత్రికుడు చచ్చాడు, అంతే. కె.వి.రెడ్డి సినిమాల్లోకి వచ్చింది క్యాషియర్‌గా. లెక్క మూసిన ఖాతాను మళ్లీ తెరవలేదు.

పదేళ్ల తర్వాత, 1961లో, ఆయన ‘జగదేకవీరుని కథ’ తీశారు. హీరో ఎన్టీఆరే, మాటలు పింగళి నాగేంద్రరావువే, సంస్థ విజయే. జానపదమూ, సాహసమూ, మాయలూ అన్నీ ఉన్నాయి. లేనిదల్లా మాంత్రికుడే. ఆ చోటులో రాజనాల వేసిన శృంగారపిచ్చి రాజునీ, అతన్ని ఆడించే ముసలి మంత్రిగా సీఎస్సార్‌నీ పెట్టారు. భయపెట్టే విలన్ పోయి నవ్వించే విలన్లు వచ్చారు. దాంతో కథ నడకే మారిపోయింది. చెప్పేవాళ్లు పాతవాళ్లు, చెప్పింది కొత్తది. మజిలీ సూత్రమే.

ఇక్కడితో ఆపితే వ్యాసం ముచ్చటగా ఉండేది. కానీ 1968లో అదే దర్శకుడు, అదే రచయిత, అదే ఎన్టీఆర్, ‘జగదేకవీరుని కథ’లోని బి.సరోజాదేవే నాయికగా ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ తీశారు. ఆడలేదు. మనుషులు వాళ్లే అయినంత మాత్రాన సరిపోదన్నమాట. మా మెట్ట రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. మొదటి బోరులో నీళ్లు పడ్డాయని దాని పక్కనే రెండోది వేస్తే, ఉన్న నీటినే రెండూ గుంజుకుంటాయి. కొన్నాళ్లకు రెండూ దుమ్మే.

మా జిల్లాకు అసలైన రెండో భాగం 2010లో వచ్చింది. రాంగోపాల్ వర్మ ‘రక్త చరిత్ర’ అక్టోబరు 22న, రెండో భాగం డిసెంబరు 3న. మధ్య ఆరు వారాలే. మా ఊరి హాల్లో మొదటిది చూసినప్పుడు చెనిక్కాయల పొట్లం చేతిలోనే ఉండిపోయింది. విలన్ బుక్కారెడ్డి తెర మీదికొస్తే హాలంతా కుర్చీల్లో సర్దుకునేది. రెండోదానికి పొట్లం ఇంటర్వెల్‌కు ముందే ఖాళీ. బుక్కారెడ్డి మొదటి భాగంలోనే చచ్చాడు. సూర్య ఎంత బాగా చేసినా అదే పగ, అటు నుంచి ఇటు తిరిగింది. తమిళంలో మొదటి భాగాన్ని కుదించి రెండోదానికి ముందు కలిపి ఒకే సినిమాగా వదిలారు. అంటే ఒక్క సినిమాకు సరిపడే కథే అది. షూటింగుకు ముందే స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కో సీను నిడివి లెక్కగట్టిన కె.వి.రెడ్డి గుర్తొచ్చారు.

మిగతా రెండో భాగాల్లోనూ ఈ బాకీ లెక్కే కనిపిస్తుంది. ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప ఎందుకు పొడిచాడన్న బాకీ పెట్టి ఆగింది, రెండోది తీర్చింది. ‘కిక్’కు అలాంటి బాకీ లేదు, ‘కిక్ 2’ తేలిపోయింది. ‘దృశ్యం’లో అన్నీ తీరినట్టే ఉన్నా, పాతిపెట్టిన శవం ఒక్కటి మిగిలింది. రెండో భాగం ఆ ఒక్కదాని మీదే నిలబడింది.

కాబట్టి టికెట్టు కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. మొదటి కథలో తీరని బాకీ ఏదైనా మిగిలిందా? మిగలకపోతే ఇది కలెక్షన్ల కోసం తీసింది. మొదటిదాన్ని నడిపిన పాత్ర పోయి ఉంటే, ఆ చోటులోకి వేరే రకం మనిషి వచ్చాడా, లేక వాడి తమ్ముడా? పోస్టరు మీద హీరో పేరు కాక కథ, మాటలు ఎవరివో చదివారా? మూడింటికీ జవాబు దొరక్కపోతే రెండు రోజులాగి, చూసొచ్చినవాణ్ణి ఒక్కటే అడగండి: ‘కథేంది రా?’ వాడు మొదటి భాగం కథే చెప్తే, మీ డబ్బులు మిగిలినట్టే.

‘పాతాళభైరవి-2’ లేదు. 75 ఏళ్లలో అది కావాలని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.