లాప్‌లాండ్ లాగిన గీత

1757లో రోజర్ బోస్కోవిచ్ అనే జెస్యూట్ పాదిరీ ముందు అయిదు కొలతలున్నాయి. భూమి ధ్రువాల దగ్గర ఎంత చదునుగా ఉందో వాటి నుంచి తేల్చాలి. చదును ఉంటే, ఉత్తర దక్షిణాలుగా కొలిచిన ఒక డిగ్రీ పొడవు ధ్రువాల వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. పాత ఫ్రెంచి కొలమానం టాయిజులో (దాదాపు 1.95 మీటర్లు) ఆ పొడవులు ఇవి: భూమధ్యరేఖ దగ్గర కీటోలో 56,751, ఆఫ్రికా కొసన కేప్‌లో 57,037, రోమ్‌లో 56,979, పారిస్‌లో 57,074, ఆర్కిటిక్ అంచున లాప్‌లాండ్‌లో 57,422. రోమ్ కొలత బోస్కోవిచ్ స్వయంగా సహచరుడు మేర్‌తో కలిసి తీసినదే.

అక్షాంశం సైన్ విలువ వర్గాన్ని అడ్డంగా, డిగ్రీ పొడవును నిలువుగా గుర్తిస్తే అయిదు బిందువులూ ఒకే సరళరేఖ మీద పడాలి. ఆ రేఖ వాలు చూస్తే ధ్రువం దగ్గరి డిగ్రీ భూమధ్యరేఖ దగ్గరి డిగ్రీ కంటే ఎన్ని టాయిజులు ఎక్కువో తెలుస్తుంది. కానీ కొలతల్లో తప్పులున్నాయి, ఏ రేఖా అయిదింటి మీదుగా పోదు. మరి ఏ రేఖను ఎంచుకోవాలి?

బోస్కోవిచ్ రెండు షరతులు పెట్టాడు. రేఖకు పైన మిగిలే తేడాల మొత్తం, కింద మిగిలే తేడాల మొత్తం సమానం కావాలి. గుర్తులు పక్కనపెట్టి తేడాలన్నీ కూడితే వచ్చేది వీలైనంత తక్కువ కావాలి. ఆయనకు వచ్చిన జవాబు 692. 1805లో ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్ర్ మరో దారి చూపాడు: తేడాలను కాక, వాటి వర్గాలను కూడి ఆ మొత్తాన్ని తగ్గించాలి. అదే అయిదు సంఖ్యలకు ఆ పద్ధతి వాడితే 723 వస్తుంది. నేటి లెక్క ప్రకారం అసలు విలువ దాదాపు 575.

ఈ రెండు పద్ధతుల్లో ఒక్క కొలతకు ఎంత బలం ఉంటుందో గమనించాలి. వర్గాల లెక్కలో 10 టాయిజుల తేడాకు మూల్యం 100 అయితే, 100 టాయిజుల తేడాకు 10,000. అందుకని దూరంగా పడిన బిందువు రేఖను అంత గట్టిగా లాగుతుంది. తేడాలను ఉన్నదున్నట్టు కూడినప్పుడు లాగే బలం దూరాన్ని బట్టి పెరగదు, ప్రతి బిందువుదీ సమానమే. కాబట్టి దారితప్పిన కొలతను, అంటే అవుట్‌లయర్‌ను, ఈ తేడాల పద్ధతి బాగా తట్టుకోవాలి.

తట్టుకుంటుందా? బోస్కోవిచ్ మొదటి షరతు తీసేసి తేడాల మొత్తాన్ని మాత్రమే తగ్గించి చూడండి. రేఖ కీటో, లాప్‌లాండ్ బిందువుల మీదుగా నేరుగా పోతుంది. వాలు 800, వర్గాల పద్ధతి కంటే అన్యాయం.

1801–03లో స్వీడన్‌కు చెందిన స్వాన్‌బెర్గ్ లాప్‌లాండ్‌కు వెళ్లి మళ్లీ కొలిచాడు. పాత సంఖ్య 200 టాయిజులకు పైగా ఎక్కువని, అసలుది 57,196 అని తేలింది. పాత లాప్‌లాండ్ బిందువు ఎత్తులో తప్పినదే కాదు, అడ్డంగా చూస్తే మిగతావాటికి దూరంగా చివరన ఉన్నది కూడా. చివరి బిందువు దగ్గర రేఖను కొద్దిగా కదిపినా వాలు బాగా మారుతుంది. తూకంలో కాడ కొసన వేలాడే బరువుకుండే పట్టు దానిది.

కేప్ కొలత కూడా తప్పే. ఆరోగ్యం కుదుటపడేందుకు 1820లో అక్కడికి వెళ్లిన జార్జ్ ఎవరెస్ట్, చుట్టుపక్కల కొండల ఆకర్షణకు తూకపు దారం పక్కకు ఒరిగి ఉంటుందని అనుమానించాడు. అంతకుముందు ఆయన హైదరాబాద్ రాజ్యంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడినవాడు. 1840లలో ఖగోళ శాస్త్రవేత్త మక్లియర్ చేసిన కొత్త కొలతలు ఆ అనుమానాన్ని నిజం చేశాయి. లాప్‌లాండ్ సంఖ్య సరిదిద్ది, కేప్ తప్పును అలాగే ఉంచితే వర్గాల పద్ధతికి 491, తేడాల పద్ధతికి 531 వస్తాయి. ఈసారి రెండోదే నిజానికి దగ్గర. కేప్ చివరన లేదు కాబట్టి, అది ఇంకెంత పైకి జరిగినా తేడాల రేఖ కదలదు.

1964లో గణాంకవేత్త పీటర్ హ్యూబర్ రెండింటికీ మధ్య దారి చూపాడు. ఒక హద్దు వరకూ తేడా వర్గం, అది దాటితే తేడాతో సమంగా పెరిగే మూల్యం. చిన్న తేడాలుంటే వర్గాల పద్ధతి నిలకడ దక్కుతుంది, పెద్ద తేడాకు అదనపు బలం దక్కదు. కానీ లాగే బలం ఎప్పుడూ సున్నా కాదు గనుక కొస బిందువుకు ఇదీ లొంగుతుంది. హద్దు దాటిన బిందువును పూర్తిగా వదిలేసే పద్ధతీ ఉంది, అది టూకీ అనే మరో గణాంకవేత్తది. అయితే మొదలుపెట్టిన రేఖ అప్పటికే లాప్‌లాండ్ వైపు ఒరిగి ఉంటే, దానికి ఆ బిందువు దగ్గరగానే కనిపిస్తుంది, వదలడానికి కారణం దొరకదు.

ఇక్కడ జరిగింది కూడా అదే. వర్గాల రేఖ నుంచి లాప్‌లాండ్ తేడా 78, కేప్‌ది 84, ఏ పాపమూ ఎరగని రోమ్‌ది 95. తేడాల పట్టిక చూసి దోషిని వెతికితే రోమ్ దొరుకుతుంది. దానికి బదులు ఒక్కో బిందువునూ తీసేసి రేఖను మళ్లీ గీయాలి. రోమ్ తీసేస్తే వాలు 723 నుంచి 732కు జరుగుతుందంతే. లాప్‌లాండ్ తీసేస్తే 515కు పడిపోతుంది. ఆ కుదుపు లాప్‌లాండ్ తప్పని నిరూపించదు. రేఖ ఎవరి మాట మీద నిలబడిందో చెబుతుంది, ఎక్కడికి వెళ్లి మళ్లీ కొలవాలో చూపిస్తుంది.