స్ట్రీమ్ హెల్త్ సూచికలు

ప్రత్యక్ష ప్రసారంలో ఎన్‌కోడర్ పంపే వీడియో, ఆడియో డేటా స్వీకరణ సర్వర్‌కు ఏ స్థితిలో చేరుతోందో తెలిపే గుర్తులను స్ట్రీమ్ హెల్త్ సూచికలు అంటారు. యూట్యూబ్ లైవ్ స్ట్రీమింగ్ ఏపీఐలో ఇవి నాలుగు: `good`, `ok`, `bad`, `noData`.

సర్వర్ గుర్తించిన ప్రతి లోపానికీ ఒక తీవ్రత ఉంటుంది. హెచ్చరిక స్థాయి లోపం కూడా లేకపోతే `good`, హెచ్చరికలున్నా దోష స్థాయి లోపం లేకపోతే `ok`, ఒక్క దోష స్థాయి లోపం ఉన్నా `bad` అవుతుంది. `noData` అంటే ప్రసారం పాడైందని కాదు. దాని స్థితి గురించి సర్వర్ వద్ద సమాచారమే లేదని అర్థం. ఎన్‌కోడర్ ఇంకా మొదలవకపోయినా, స్ట్రీమ్ కీ తప్పుగా ఇచ్చినా, నెట్ కనెక్షన్ తెగినా ఇదే కనబడవచ్చు.

స్థితి దిగజారడానికి తరచు కారణం అప్‌లోడ్ వేగం చాలకపోవడం. ఎన్‌కోడర్‌ను సెకనుకు 6 మెగాబిట్లకు అమర్చి, కనెక్షన్ 4 మెగాబిట్లే మోయగలిగితే, ఒక సెకను వీడియో చేరడానికి సెకనున్నర పడుతుంది. వెనుకబాటు క్షణక్షణం పెరిగి, ఎన్‌కోడర్ ఫ్రేములను వదిలేస్తుంది. ప్రేక్షకుల తెరపై బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు బిట్‌రేటును 3 మెగాబిట్లకు తగ్గిస్తే, స్పష్టత కొంత తగ్గినా ప్రవాహం నిలకడగా ఉంటుంది. కీఫ్రేముల మధ్య ఎడం 4 సెకన్లు దాటినా సర్వర్ లోపంగా చూపుతుంది; యూట్యూబ్ సూచించే ఎడం 2 సెకన్లు.

ఈ సూచికలు ఎన్‌కోడర్ నుంచి సర్వర్ వరకు ఉన్న దారికే పరిమితం. ప్రేక్షకుడి ఇంట్లో నెట్ మందగించినా, కెమెరా మూత తీయక నల్లని బొమ్మే వెళుతున్నా `good` అనే కనబడవచ్చు. అందుకే ప్రసార నిర్వాహకులు వేరే నెట్‌వర్క్‌పై మరో ఫోన్‌లో ప్రసారాన్ని చూస్తూ సరిపోల్చుకోవడం అవసరం.