పరీక్షనాళికలో తెల్లని మబ్బు

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివే పిల్లవాని రికార్డు పుస్తకం మీ ఇంటిలో ఉన్నట్లయితే ఒకసారి తెరచి చూడండి. లవణ విశ్లేషణ అనే ప్రయోగం కింద మూడు గడులు గీయబడి ఉంటాయి: ప్రయోగం, పరిశీలన, అనుమితి. మొదటి గడిలో ఏమి చేయవలెనో ఉంటుంది, రెండవదానిలో ఏమి కనిపించినదో, మూడవదానిలో దాని అర్థమేమో. చూడముచ్చటగా ఉంటుంది. చిక్కేమంటే, రెండవ గడి చాలాసార్లు దీపం వెలిగించక మునుపే నిండిపోతుంది. కనిపించవలసినది ఏమిటో ముందే తెలిసినప్పుడు, కనిపించినది ఏమిటని ఎవరు చూస్తారు?

ఈ గడులకు ఒక చరిత్ర ఉన్నది. 1824లో జర్మనీలోని గీసెన్ నగరంలో లీబిగ్ అనే యువ ఆచార్యుడు విద్యార్థులు తమ చేతులతో తామే పనిచేసే రసాయనశాలను ఏర్పరచినాడు. అంతకు ముందు చాలా చోట్ల విద్యార్థి బల్లమీద కూర్చుండి, గురువు చేసే ప్రయోగాన్ని దూరంనుండి చూచేవాడు. 1841లో ఫ్రెసీనియస్ అనే మరొక జర్మన్ యువకుడు, తెలియని పదార్థంలో ఏ ఏ అంశాలున్నవో వరుసగా కనిపెట్టే పద్ధతిని ఒక పుస్తకంగా వ్రాసినాడు. ఇది వచ్చినచో అటు పోవలెను, రానిచో ఇటు పోవలెను అని దారి చూపే గ్రంథమది. గని నుండి వచ్చిన రాయిని, ఊటనుండి వచ్చిన నీటిని పరీక్షించే వానికి అది అమూల్యమైన పనిముట్టు, ఎందుకంటే వానికి జవాబు నిజంగానే తెలియదు.

ఆ పనిముట్టే క్రమంగా పాఠశాలలకు, పరీక్షలకు దిగివచ్చినది. దిగివచ్చేటప్పుడు దానిలోని సందేహం జారిపోయి, వరుస మాత్రం మిగిలినది. సీసాలో ఉన్నదేమిటో గురువుకు తెలుసు. కొంచెం తెలివిగలవాడైతే శిష్యునికీ తెలుసు. ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయనాచార్యుడు 1884 నాటినుండి ఈ ధోరణిపై కత్తి కట్టినాడు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది వంటి ప్రశ్నను పిల్లల ముందుంచి, జవాబు వారినే వెదుకమనవలెనని ఆయన వాదం.

ఆయన కోపం న్యాయమైనదే కాని, ఆయన చూపిన మందు కొంత శ్రుతి మించినది. శతాబ్దాలుగా మహామేధావులు కనిపెట్టినదాన్ని నలుగురైదుగురు బాలురు వారానికి రెండు గంటలలో తామై కనిపెట్టలేరు. 1918లో జె.జె. థామ్సన్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, ప్రయోగశాలలో గడిపే కాలానికి తగిన ఫలం రావడం లేదని ఎత్తిచూపినది. కనుక, పాకశాస్త్రం వంటి సూచనలు వట్టివి, స్వయం అన్వేషణ ఒక్కటే గట్టిది అని తేల్చివేయడం సులభం కాదు. ఆ సూచనలు ఎక్కడ విఫలమవుతాయో ఒక ఉదాహరణలో పట్టుకొందాం.

జనగామలో ఒక విద్యార్థిని ఊహించండి. వానికి ఇచ్చిన తెల్లని పొడి పొటాషియం నైట్రేటు, అంటే మన సూరేకారం. ఆ సంగతి వానికి తెలియదు. స్వేదనజలం అయిపోయినది, కుళాయిలో వచ్చేది బోరు నీరు. వాడు పొడిని ఆ నీటిలో కరిగించి, పుస్తకం చెప్పినట్లు కొద్దిగా విలీన నత్రికామ్లం కలిపి, సిల్వర్ నైట్రేటు ద్రావణం రెండు చుక్కలు వేసినాడు. తెల్లని మబ్బు కమ్మినది. పుస్తకం ప్రకారం అది క్లోరైడు. ధ్రువపరచుకొనుటకు అమ్మోనియా ద్రావణం కలిపినాడు, మబ్బు కరిగిపోయినది. అదీ క్లోరైడు లక్షణమే. వాడు ఒక్క మెట్టు తప్పలేదు. అయినా జవాబు తప్పు.

మబ్బు అబద్ధం కాదు. నాళికలో క్లోరైడు నిజంగానే ఉన్నది. కాని అది పొడిలోనిది కాదు, నీటిలోనిది. లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల క్లోరైడు ఉన్నా సిల్వర్ నైట్రేటు దాన్ని చూపిస్తుంది. త్రాగునీటికి మన దేశపు ప్రమాణం 250 మిల్లీగ్రాముల వరకు ఆమోదిస్తుంది. త్రాగుటకు నిక్షేపంగా ఉన్న నీరు ఈ పరీక్షకు పనికిరాకపోవచ్చునన్నమాట.

ఇప్పుడు వాని పక్కనున్న మిత్రుని సంగతి చూడండి. సీసాలోనిది నైట్రేటని ఎవరో చెవిలో ఊదినారు. వానికీ మబ్బు కనిపించినది. అయినా రికార్డులో "అవక్షేపం రాలేదు" అని వ్రాసినాడు. మార్కులు వీనికే వస్తాయి. నాకు మొదటివానికంటె ఈ రెండవవాని విషయమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మొదటివాడు కంటిని నమ్మి తప్పు చేసినాడు, రెండవవాడు కంటిని నమ్మరాదని నేర్చుకొన్నాడు.

దీనికి కావలసినది మరి రెండు నాళికలే. ఒకదానిలో పొడి లేకుండ ఆ బోరు నీటినే తీసికొని, అదే ఆమ్లం, అదే సిల్వర్ నైట్రేటు అవే చుక్కలు వేయవలెను. దీన్ని ఖాళీ పరీక్ష అనవచ్చు. రెండవదానిలో అదే నీటికి చిటికెడు వంటఉప్పు కలిపి చేయవలెను. ఖాళీ నాళికలో మబ్బు పొడి ఉన్న నాళికలోనంతే ఉన్నట్లయితే ఆ మబ్బు నీటిది. ఉప్పు కలిపిన నాళికలో పెరుగువంటి దట్టమైన అవక్షేపం వచ్చి తీరవలెను. రాకుంటే సిల్వర్ నైట్రేటే పాడైనదని అర్థం. ఆ ద్రావణాన్ని వెలుతురు తగలని గోధుమరంగు సీసాలో ఉంచుట ఇందుకే. పుస్తకంలోని వరుసలో ఈ రెండు నాళికలు తరచు ఉండవు. ఉన్నచోట కూడ ఎందుకో తెలియకుండా చేస్తే అవీ మరి రెండు మెట్లుగానే మిగులుతాయి.

నత్రికామ్లం సంగతి కూడ అంతే. బోరు నీటిలో బైకార్బొనేట్లు మెండు. కార్బొనేటు సైతం వెండితో లేతరంగు అవక్షేపాన్ని ఇస్తుంది. ఆమ్లం దాన్ని బుడగలుగా తరిమివేస్తుంది. ఈ కారణం తెలిసిన పిల్లవాడు ఆమ్లాన్ని మరువడు. "మూడు చుక్కలు" అని మాత్రమే తెలిసినవాడు తొందరలో మరుస్తాడు, మరచినట్లు కూడ ఎరుగడు.

ప్రయోగంవలన మనం ఆశించేవి నిజానికి వేరువేరు. చుక్క చుక్కగా వేసే చేతివాటం ఒకటి. తెల్లని అవక్షేపం ఎట్లుంటుందో కంటితో చూచుట ఒకటి. చూచినదానినుండి ఎంతవరకు చెప్పవచ్చునో తూచుకొనుట మరొకటి. మొదటి రెండింటికి అచ్చువేసిన సూచనలు చాలు, ఆమ్లాలతో పని గనుక అవి అవసరం కూడ. మూడవదానికి మాత్రం, తరువాతి మెట్టును ఎంచుకొనే స్వేచ్ఛ పిల్లవానికి కొంతైనా ఉండవలెను.

ఇదే మబ్బుతో అట్టి పని ఒకటి పెట్టవచ్చు. జనగామ నేల గ్రానైటు రాతిది. భూపాలపల్లి బొగ్గు గనులున్న ఇసుకరాతి ప్రాంతం. ఈ రెండు చోట్లనుండి, మహబూబాబాద్ నుండి కూడ, ఒక్కొక్క సీసా బోరు నీరు తెప్పించి, వేనిలో క్లోరైడు ఎక్కువ అని అడగండి. మబ్బును కంటితో పోల్చబోతే తొందరలోనే తగవు వస్తుంది. అప్పుడు లెక్క కావలసివస్తుంది. 1856లో మోర్ చూపిన ఉపాయం అప్పుడు చెప్పవచ్చు: నీటిలో కొంచెం పొటాషియం క్రోమేటు కలిపి, సిల్వర్ నైట్రేటు చుక్కలు లెక్కపెడుతూ వేయవలెను. క్లోరైడు అంతా తెల్లగా దిగిపోయిన తరువాతనే ఇటుకరంగు నిలుస్తుంది. చుక్కలు ఎక్కువైనకొద్దీ క్లోరైడు ఎక్కువ. క్రోమేటు విషపదార్థం, దాని సీసా గురువు చేతిలోనే ఉండవలెను.

ఇక్కడ ఎవరో ఒకరు అలవాటుకొద్దీ ముందుగా నత్రికామ్లం పోస్తారు. ఎన్ని చుక్కలు వేసినా ఇటుకరంగు సరిగా నిలువదు. ఆమ్లంలో క్రోమేటు రూపం మారి, నారింజరంగుకు తిరుగుతుంది. మొదటి పరీక్షలో తప్పక వేయవలసిన ఆమ్లం రెండవ పరీక్షలో వేయరానిదెందుకయినది? గురువు వెంటనే జవాబు చెప్పక, గంట కొట్టేవరకు ఆగగలిగితే, నాళికలు కడగడం మానివేసి పిల్లలు ఆ ప్రశ్న చుట్టూ మూగుతారు.